అద్దె ఇంటి కిటికీకి మేకు కొట్టకుండా దోమల మెష్: రెండు రోజుల్లో బిగించడం, ఖాళీ చేసేటప్పుడు మచ్చ లేకుండా తీయడం

బెంగళూరులో అద్దెకు ఉంటున్న తెలుగు కుటుంబాల నుంచి నాకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. ఓనరు మేకు కొట్టనివ్వడు, కార్పెంటరు చేత ఫ్రేము చేయించుకుంటే ఇల్లు మారినప్పుడు అది అక్కడే వదిలేయాలి, మరి కిటికీకి దోమల మెష్ ఎలా పెట్టుకోవాలన్నదే ఆ ప్రశ్న. దీనికి వెల్క్రో టేపు సరైన మార్గం. సామాను, కుట్టుకూలి కలిపినా ఒక కిటికీకి ఖర్చు వందల్లోనే ఉంటుంది. అయితే చాలామంది పెట్టిన మెష్ రెండు నెలలకే ఒక మూల ఊడి వేలాడుతూ ఉంటుంది. చేసిన పనుల వరుస తప్పడమే అందుకు ముఖ్య కారణం. కాబట్టి ఇక్కడ ఒకే ఒక కిటికీని తీసుకుని, కొలతలతో సహా, మొదటి నుంచి తీసివేత దాకా వివరిస్తాను.

ఉదాహరణగా తీసుకున్నది బెంగళూరు పాత అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనబడే పడక గది కిటికీ: ఆయిల్ పెయింటు వేసిన చెక్క ఫ్రేము, బయటికి తెరుచుకునే రెండు రెక్కలు, మధ్యలో ఇనుప గ్రిల్లు. మెష్ గది లోపలి వైపు, ఫ్రేము ముఖం మీద వస్తుంది. చెన్నైలోని కొత్త ఫ్లాట్లలో ఉండే అల్యూమినియం, యూపీవీసీ స్లైడింగ్ కిటికీలకు ఏమి మారుతుందో ఏడో భాగంలో చెప్పాను.

## 1. మొదలుపెట్టే ముందు: ఓనరుకు ఒక మాట, కిటికీకి ఒక పరీక్ష

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో నుంచి ఒక నెల అద్దె పట్టుకోవడం బెంగళూరులో మామూలే. ఆ కోత పైన మరో కోత పడకుండా ఉండాలంటే పని మొదలుకాక ముందే కిటికీ ఫ్రేమును నాలుగు మూలలూ కనబడేలా ఫోటో తీసి, ఓనరుకు ఇలాంటి సందేశం పంపండి:

"అంకుల్, పడక గది కిటికీకి దోమల మెష్ పెట్టుకుంటున్నాం. మేకులు, స్క్రూలు ఏమీ కొట్టం. ఫ్రేముకు టేపు మాత్రమే అంటిస్తాం, వెళ్లేటప్పుడు మేమే శుభ్రంగా తీసేస్తాం. ఫ్రేము ఇప్పుడు ఎలా ఉందో ఫోటోలు పంపుతున్నాను."

తరువాత పరీక్ష. అంటుకునే వెల్క్రో అర మీటరు ముందే కొనుక్కుని, అందులో నుంచి రెండు అంగుళాల ముక్కను ఫ్రేము కింది భాగంలో, కర్టెను చాటున పడే చోట అంటించి ఒక రోజంతా వదిలేయండి. మర్నాడు హెయిర్ డ్రయ్యరుతో అర నిమిషం వెచ్చచేసి మెల్లగా తీయండి. పెయింటు పొర ఏమీ రాకపోతే ఆ ఫ్రేము ఈ పనికి పనికొస్తుంది. పొరలు పొరలుగా పెయింటు టేపు వెంట వచ్చేస్తే అది ముందే చెక్కను వదిలేసిందని అర్థం; అలాంటి ఫ్రేముకు ఎంత మంచి టేపు అంటించినా నిలవదు. అప్పుడు ఆరో భాగంలోని పద్ధతి చూడండి.

గోడకు మాత్రం ఈ టేపును ఎప్పుడూ అంటించవద్దు. డిస్టెంపరు పొడిపొడిగా ఉంటుంది కనుక జిగురు ఆ పొడినే పట్టుకుని ఊడిపోతుంది, ఇమల్షను అయితే తీసేటప్పుడు పుట్టీతో సహా పెచ్చు లేస్తుంది.

పరీక్ష రోజునే చూసుకోవలసినవి:

- ఫ్రేము ముఖం వెడల్పు కనీసం 3 సెంటీమీటర్లు ఉందా? లేకపోతే 2 సెంటీమీటర్ల టేపు కొనాలి.
- గడియ, కొక్కెం వంటివి ఫ్రేము ముఖం కంటే ముందుకు పొడుచుకు వస్తున్నాయా? వస్తే అక్కడ మెష్ ఉబ్బి సందు ఏర్పడుతుంది. టేపును వాటికి బయటి వైపుగా తీసుకెళ్లడానికి చోటు ఉందో లేదో చూడండి.
- ఫ్రేము కింది భాగం చెమ్మగా ఉందా? వాన నీరు లోపలికి దిగే కిటికీకి మొదట ఆ కారణాన్ని ఓనరు చేత సరిచేయించాలి.

## 2. కొలతలు, కొనవలసినవి

కిటికీలు చూడటానికి చతురస్రంగా ఉన్నా నిజంగా అలా ఉండవు. కాబట్టి ఫ్రేము లోపలి అంచు నుంచి లోపలి అంచుకు అడ్డంగా పైన, నడుమ, కింద మూడు చోట్ల, నిలువుగా కూడా మూడు చోట్ల కొలిచి, ప్రతి వైపూ అన్నిటికంటే పెద్ద కొలతను తీసుకోండి.

మన ఉదాహరణలో అడ్డం 110, 110.5, 111 సెంటీమీటర్లు వచ్చింది. నిలువు 118కి మించలేదు. అంటే లెక్కకు 111 × 118.

టేపు వెడల్పు 2.5 సెంటీమీటర్లు. దాన్ని ఫ్రేము లోపలి అంచు నుంచి అర సెంటీమీటరు వదిలి అంటిస్తాం. అంటే ప్రతి వైపూ 3 సెంటీమీటర్లు కలుస్తుంది. టేపు బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలత 117 × 124 అవుతుంది. కుట్టిన తరువాత మెష్ ఉండవలసిన కొలతా ఇదే. అంచు మడత కోసం నాలుగు వైపులా 2 సెంటీమీటర్లు కలిపితే కత్తిరించవలసిన ముక్క 121 × 128. నాలుగు అడుగుల పన్నా మెష్ 122 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఒకటిన్నర మీటరు కొంటే సరిపోతుంది.

కొనవలసిన జాబితా:

- మెష్: పీవీసీ పూత ఉన్న ఫైబర్‌గ్లాస్ మెష్, నాలుగు అడుగుల పన్నా, 1.5 మీటర్లు. అంగుళానికి ఒక వైపు 18, మరో వైపు 16 దారాలు ఉండే రకం దోమలకు చాలు. రంగు నలుపు తీసుకుంటే బయటి దృశ్యం స్పష్టంగా కనబడుతుంది.
- గరుకు పట్టీ: వెనుక జిగురు ఉన్న వెల్క్రో, 5 మీటర్లు. ఇది ఫ్రేముకు.
- మెత్తటి పట్టీ: జిగురు లేని, కుట్టుకునే రకం, 5 మీటర్లు. ఇది మెష్‌కు.
- పాలియెస్టర్ దారం, పెన్సిలు, కొలిచే టేపు, పదునైన కత్తెర, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్.

పట్టీల విషయంలో చాలామంది పొరబడతారు. రెండు వైపులా జిగురు ఉన్న జత కొని మెష్‌కు కూడా అంటించేస్తారు. మెష్ అంతా రంధ్రాలే కనుక జిగురుకు పట్టు దొరకదు, నాలుగు రోజుల్లో జారిపోతుంది. పోనీ కుడదామంటే ఆ జిగురు సూదికి అంటుకుని దారం తెగుతుంది. అందుకే మెష్ వైపు పట్టీకి జిగురు ఉండకూడదు. గరుకు పట్టీని ఫ్రేముకే పెట్టడానికీ కారణం ఉంది. అది మెష్‌కు ఉంటే ఉతికేటప్పుడు దాని కొక్కేలు మెష్ దారాలనే లాగి చింపుతాయి.

బెంగళూరులో మెష్ ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా మీటరు లెక్కన కోసి ఇస్తారు. కుట్టే పట్టీలు మాత్రం టైలరింగ్ సామాన్ల దుకాణాల్లో అడగాలి. చిక్‌పేటలో తేలికగా దొరుకుతాయి. చెన్నైలో ఉన్నవారు పారిస్ ప్రాంతంలో చూడవచ్చు. భాష రాక ఇబ్బంది పడేవారు బెంగళూరులో "సొళ్ళె పరదె" అని, చెన్నైలో "కొసు వలై" అని అడిగి, వెల్క్రో ముక్కను చూపిస్తే చాలు.

## 3. శనివారం ఉదయం: ఫ్రేముకు టేపు

ముందు మెష్ కుట్టించి, తరువాత దానికి సరిపోయేలా టేపు అంటించాలని చూస్తే కొలత ఎక్కడో ఒక చోట తప్పుతుంది. ఫ్రేముకు టేపు ముందు అంటించాలి. మెష్ కొలతను అంటించిన టేపు మీద నుంచే తీసుకోవాలి. ఇంకో లాభమూ ఉంది: మెష్ టైలరు దగ్గర ఉన్న సమయంలో జిగురు గట్టిపడుతుంది.

3.1 శుభ్రం చేయడం. సబ్బు నీటిలో ముంచి పిండిన గుడ్డతో ఫ్రేమును తుడవండి. పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద కనీసం రెండు గంటలు ఆరనివ్వండి. ఆ తరువాత ఆల్కహాల్‌తో తడిపిన దూదితో ఒకే దిశలో తుడవండి. దూది మీద మురికి కనబడకుండా వచ్చేవరకు దూది మారుస్తూ ఉండండి. చేతులకు రాసుకునే శానిటైజరు వాడవద్దు. అందులోని గ్లిజరిను పొరగా మిగిలి జిగురును అంటనివ్వదు. ఫ్రేముకు పెయింటు కాకుండా పాలిష్ ఉంటే ఆల్కహాల్ కూడా వద్దు, ఎందుకంటే స్పిరిటుతో కలిపి వేసే పాలిష్ దానికి కరిగి తెల్లని మచ్చ పడుతుంది. అలాంటి చోట సబ్బు నీటితో ఆపేయండి.

3.2 గీత గీయడం. లోపలి అంచు నుంచి అర సెంటీమీటరు దూరంలో నాలుగు వైపులా పెన్సిలుతో సన్నని గీత గీయండి. టేపు లోపలి అంచు ఈ గీత మీద నడవాలి.

3.3 కత్తిరించడం. పైకీ కిందికీ 117 సెంటీమీటర్ల ముక్కలు రెండు, పక్కలకు 119 సెంటీమీటర్ల ముక్కలు రెండు. పక్క ముక్కలు పై ముక్కకూ కింది ముక్కకూ మధ్య ఆనుకుని కూర్చుంటాయి. మూలల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కించవద్దు, అక్కడ ఎత్తు పెరిగి సందు మిగులుతుంది.

3.4 అంటించడం. వెనుక కాగితాన్ని ఒక్కసారిగా మొత్తం తీసేయకండి. ఒక జానెడు తీసి, గీతకు ఆనించి, బొటనవేలితో గట్టిగా నొక్కుతూ, మళ్లీ కాస్త తీస్తూ ముందుకు వెళ్లండి. టేపును సాగదీస్తూ అంటించవద్దు. సాగిన టేపు తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది, మొదట చివర్లే లేస్తాయి. నాలుగు వైపులా పూర్తయ్యాక చపాతీ కర్ర చివరతో పట్టీ అంతా ఒకసారి గట్టిగా రుద్దండి.

3.5 ఆగడం. 24 గంటలు దానికి ఏమీ తగిలించవద్దు. చూడటానికి వెంటనే అంటుకున్నట్టే కనబడుతుంది గానీ, ఈ జిగురు పెయింటు మీదికి మెల్లగా పరుచుకుని పట్టు తెచ్చుకోవడానికి సమయం పడుతుంది. వాన కురిసి గాలి చెమ్మగా ఉన్న రోజున ఈ పని పెట్టుకోకండి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎండ కాసిన వారాంతం కోసం ఆగడమే మంచిది.

## 4. శనివారం మధ్యాహ్నం: మెష్ కుట్టించడం

ఇప్పుడు టేపు బయటి అంచు నుంచి బయటి అంచుకు మళ్లీ కొలవండి. ఈ కొలత కాగితం మీది లెక్కకు కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ రావచ్చు. కొత్త కొలతనే నమ్మండి.

మెష్‌ను నేల మీద పరిచి, దారాల వెంబడి కత్తిరించండి. ఏటవాలుగా కోస్తే అంచు వంకర పోతుంది. ఫైబర్‌గ్లాస్ అంచుల నుంచి రాలే సన్నని పోగులు చర్మానికి దురద పెడతాయి కాబట్టి పిల్లలను దూరంగా ఉంచి, పని అయ్యాక తడి గుడ్డతో నేల తుడిచి, చేతులు కడుక్కోండి.

వీధి చివర టైలరు అయినా ఈ కుట్టు వేయగలడు, కానీ ఆయనకు ఈ నాలుగు విషయాలు చెప్పాలి:

- అంచును 2 సెంటీమీటర్లు మడిచి, మడత మీదే మెత్తటి పట్టీ పెట్టాలి. కోసిన అంచు పూర్తిగా పట్టీ కింద దాగిపోవాలి.
- పట్టీకి రెండు అంచుల వెంబడీ రెండు వరుసల కుట్టు వేయాలి. నడుమ ఒక్క వరుస వేస్తే పట్టీ అంచులు దొర్లుకుంటాయి.
- కుట్టు పెద్దదిగా, 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. చిన్న కుట్టు మెష్‌ను చిల్లులు పొడిచి బలహీనం చేస్తుంది.
- దారం పాలియెస్టర్‌దే వాడాలి. నూలు దారం ఎండకు త్వరగా పాడవుతుంది.

గుండుసూదులు మెష్‌లో నిలవవు, జారిపోతాయి. బట్టలు ఆరేసే క్లిప్పులు అర డజను తీసుకెళ్లి ఇస్తే కుట్టేటప్పుడు మడత కదలకుండా ఉంటుంది.

ఒక చిన్న చేర్పు తప్పక చేయించండి. కింది రెండు మూలల్లో మూడు అంగుళాల రిబ్బను ముక్కను మడిచి నాలుకలా బయటికి ఉండేలా కుట్టించండి. బయటికి తెరుచుకునే రెక్కలను మూయాలంటే గ్రిల్లు గుండా చేయి పెట్టాలి కదా, అప్పుడు మెష్‌ను పట్టుకుని లాగకుండా ఈ నాలుకను పట్టుకుని మూల విప్పవచ్చు. ఇది లేని మెష్‌లకు చేయి పట్టే చోటే మొదట చిరుగుతుంది.

## 5. ఆదివారం: తగిలించడం, సందులు వెతకడం

పై వైపు నడిమధ్య నుంచి మొదలుపెట్టండి. మధ్యలో నొక్కి, అక్కడి నుంచి ఎడమ మూలకు, తరువాత కుడి మూలకు వెళ్లండి. ఆపై ఎడమ పక్క ఒక జానెడు, కుడి పక్క ఒక జానెడు మార్చి మార్చి నొక్కుతూ కిందికి రండి. చివరికి కింది వైపు. మెష్ ముడతలు లేకుండా ఉంటే చాలు, డోలు చర్మంలా బిగుతుగా ఉండనక్కరలేదు. మెష్ చాలా తేలిక, దాని బరువుకు టేపు ఊడదు. బిగించి లాగి పెట్టినప్పుడు ఆ లాగుడుకే ఊడుతుంది.

ఇప్పుడు పాత విజిటింగ్ కార్డు ఒకటి తీసుకోండి. మెష్ అంచుకూ ఫ్రేముకూ మధ్య కార్డు మూలను తోస్తూ నాలుగు వైపులా నెమ్మదిగా తిప్పండి. అంటుకున్న చోట కార్డు ఆగిపోతుంది, సందు ఉన్న చోట లోపలికి జారుతుంది. ఎక్కువగా జారేది మూలల్లోనే. అక్కడ మిగిలిన గరుకు పట్టీ ముక్కను ఖాళీ పడిన మేరకు అంటించి, మెష్‌ను తిరిగి నొక్కి, కార్డుతో మళ్లీ పరీక్షించండి.

కొన్ని రోజుల తరువాత కనబడే తేడాలు, వాటి కారణాలు:

పై అంచు టేపు ఫ్రేమును వదిలేసింది. ఊడిన టేపు వెనుక వైపు చూడండి. జిగురు మీద బూడిద రంగు దుమ్ము ఉంటే శుభ్రం చేయడంలో లోపం జరిగింది. పెయింటు పొర ఉంటే ఫ్రేమే బలహీనంగా ఉంది. జిగురు శుభ్రంగానే ఉంటే ఆగవలసినంత సేపు ఆగలేదు, లేదా మెష్ బిగుతుగా ఉంది. ఊడిన ముక్కను తిరిగి అంటించవద్దు. కొత్త ముక్క వేయండి.

వెల్క్రో పట్టు తగ్గింది. గరుకు పట్టీ కొక్కేల్లో దుమ్ము, వెంట్రుకలు చేరాయి. పాత టూత్‌బ్రష్‌తో పొడిగా దులిపితే సరిపోతుంది.

మెష్ ఉన్నా దోమలు వస్తున్నాయి. కిటికీ పైనున్న వెంటిలేటరు, బాత్రూము కిటికీ, తలుపు కింది సందు చూడండి. వెంటిలేటరుకూ ఇదే పద్ధతి. తలుపు కిందికి రెండు వైపులా ఫోము గొట్టాలు ఉండి తలుపుతో పాటు కదిలే తొడుగు దొరుకుతుంది, దానికి జిగురే అక్కరలేదు. డెంగీని మోసే ఏడిస్ దోమ పగటి పూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం చీకటి పడక ముందు కుడుతుంది కనుక సాయంత్రం ఆరు గంటలకు కిటికీ మూసే అలవాటు ఒక్కటే దానికి చాలదు.

వంటగది కిటికీకి పెట్టేవారు నూనె జిడ్డు పోయేదాకా రెండుసార్లు సబ్బుతో కడగాలి. స్టవ్ మంటకు దగ్గరగా ఉండే కిటికీకి మాత్రం ఇది వద్దు, మెష్ మీది పీవీసీ పూత వేడికి కరుగుతుంది.

## 6. టేపు నిలవని ఫ్రేముకు: పైపు చట్రం

పరీక్షలో పెయింటు ఊడివచ్చిన ఫ్రేముకు జిగురు లేకుండా చేసుకునే మార్గం ఇది. కరెంటు వైర్లకు వాడే 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, నాలుగు ఎల్బోలు కొనండి. కిటికీ గూడు లోపలి కొలత కంటే చట్రం మొత్తం కొలత ఒక్కొక్క వైపు సుమారు 1 సెంటీమీటరు తక్కువ ఉండేలా పైపులు కోసి, ఎల్బోలతో దీర్ఘచతురస్రంగా కలపండి. మెష్‌ను పైపు చుట్టూ మడిచి కుట్టండి. చట్రం బయటి అంచుకు, పైపుకే అంటేలా, ఫోము పట్టీ అంటించి గూడులోకి తోయండి. ఫోము నలిగి గోడను పట్టుకుని నిలబడుతుంది. ఇది గూడు లోతు కనీసం రెండు అంగుళాలు ఉన్నప్పుడే పనిచేస్తుంది, పైగా రెక్క మూయాలనుకున్న ప్రతిసారీ మొత్తం చట్రాన్ని తీయాలి. అందుకే వెల్క్రో కుదిరే చోట దీన్ని నేను సూచించను.

## 7. స్లైడింగ్ కిటికీలకు మార్పులు

అల్యూమినియం, యూపీవీసీ ఫ్రేములకు టేపు చక్కగా అంటుతుంది. ముఖం సన్నగా ఉంటుంది కనుక 2 సెంటీమీటర్ల పట్టీ తీసుకుని కొలతలు మళ్లీ లెక్కించుకోండి. కింది ట్రాకులో వాన నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని టేపుతో మూయకండి, నీరు గదిలోకి పొంగుతుంది.

గ్రిల్లు లేని పై అంతస్తు కిటికీల విషయంలో గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. వెల్క్రో మెష్ దోమలను ఆపుతుంది, బిడ్డను ఆపలేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో మెష్ ఉంది కదా అని స్లైడింగ్ రెక్కను పూర్తిగా తెరిచి వదలకూడదు.

## 8. ఖాళీ చేసేటప్పుడు తీయడం

ఇల్లు అప్పగించే రోజు ఉదయం కాకుండా, కనీసం రెండు రోజుల ముందు ఈ పని పెట్టుకోండి.

1. మెష్‌ను విప్పి, పట్టీలు లోపలికి ఉండేలా గుండ్రంగా చుట్టండి. మడతపెడితే ఆ గీత పోదు. కొత్త ఇంటి కిటికీ చిన్నదైతే ఇదే మెష్‌ను కత్తిరించి కుట్టించుకోవచ్చు.
2. టేపు ఒక చివరను హెయిర్ డ్రయ్యరుతో అర నిమిషం వెచ్చచేయండి. చేయి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి చాలు.
3. లేచిన చివరను మీ వైపుకు కాకుండా టేపు వెంబడే వెనక్కి మడిచి, ఫ్రేముకు దాదాపు ఆనించినట్టుగా, మెల్లగా లాగండి. నిటారుగా గుంజితే పెయింటు వస్తుంది. ముందు వెచ్చచేస్తూ, వెనుక లాగుతూ సాగండి.
4. మిగిలిన బంక మీద నీలగిరి తైలం రాసి పది నిమిషాలు వదిలేయండి. పాత ప్లాస్టిక్ కార్డుతో గీకితే ఉండలు కట్టి వస్తుంది. కొబ్బరి నూనె కూడా పనిచేస్తుంది, కాకపోతే ఎక్కువ సేపు నాననివ్వాలి. చెంచా, బ్లేడు వాడితే గీతలు పడతాయి. థిన్నరు, పెట్రోలు, గోళ్ల రంగు తీసే ద్రవం పెయింటునూ యూపీవీసీనీ పాడుచేస్తాయి.
5. తైలం జిడ్డును సబ్బు నీటితో రెండుసార్లు కడగండి. జిడ్డు మిగిలితే తరువాత ఓనరు వేయించే పెయింటు అక్కడ పట్టదు.

టేపు ఉన్న చోట పెయింటు చుట్టుపక్కల కంటే కొంచెం ముదురుగా కనబడవచ్చు. అది మరక కాదు, మిగతా భాగం ఎండకు వెలిసింది. ఆ సంగతి ఓనరుకు మీరే చూపించి, మొదటి రోజు పంపిన ఫోటోలను, ఇప్పుడు అదే కోణంలో తీసిన ఫోటోలను ఒకేచోట పెట్టి పంపండి.